యు-ట్యూబులో నీళ్ల ఊగులాట: లెక్కకీ స్టాప్‌వాచ్‌కీ ఎందుకు పడదు, ఎలా సరిచూసుకోవాలి

ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబు మొదలైతే చాలు, ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "సార్, యు-ట్యూబులో నీళ్లు ఊపి టైము తీశాం. సూత్రం చెప్పినదానికంటే టైము ఎక్కువ వస్తోంది. పైగా నీళ్లు లెక్క ప్రకారం ఊగాల్సినంత సేపు ఊగడం లేదు, చాలా ముందే ఆగిపోతున్నాయి. ఎక్కడ తప్పు చేశాం?"

చాలాసార్లు తప్పు కొలతలో ఉండదు. ఘర్షణకి వాడిన సూత్రంలో ఉంటుంది. మామూలు గొట్టంలో మామూలు నీళ్లకి ఏ సూత్రం పనిచేస్తుందో, దాన్ని ఇంట్లోనే ఎలా పరీక్షించుకోవచ్చో ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను. లెక్కంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది: లోపలి వ్యాసం 10 మి.మీ., నీటి స్తంభం పొడవు 1 మీటరు, నీళ్లు 20 డిగ్రీల దగ్గర.

కావలసినవి

- లోపలి వ్యాసం సుమారు 10 మి.మీ. ఉన్న పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, 1.6 మీటర్లు. తాపీమేస్త్రీలు లెవెల్ చూడటానికి వాడే గొట్టం లాంటిదే, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది.
- గొట్టాన్ని బిగించడానికి ఒక చెక్క పలక, క్లాంపులు.
- సూది తీసేసిన 50 మి.లీ. సిరంజి, దాని మూతికీ గొట్టం చివరకీ సరిపోయే మెత్తటి రబ్బరు ముక్క.
- మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు లేదా గ్రాఫ్ పేపరు.
- స్లో-మోషన్ తీయగల ఫోను. లేకపోతే సెకనుకి 60 ఫ్రేములు తీసే మామూలు వీడియో కూడా సరిపోతుంది.
- నీళ్లలో కలపడానికి చిటికెడు రంగు, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్.
- థర్మామీటరు.

పాదరసం మాత్రం వద్దు. పాత మానోమీటర్లలో ఉంటుంది కదా అని దాన్ని ఊపడానికి ప్రయత్నించకండి. గొట్టంలోంచి ఒక్కసారి బయటకి చిమ్మిందంటే గదిలో దాని ఆవిరితో ప్రమాదం, నేల సందుల్లోంచి ఏరడం మహా కష్టం.

1. వ్యాసం, పొడవు నీళ్లతోనే కొలవండి

గొట్టం మీద 10 అని రాసి ఉన్నా లోపల 9.5 ఉండొచ్చు. స్కేలు పెట్టి మూతి దగ్గర కొలిస్తే అది నొక్కుకుపోయి ఇంకోలా కనిపిస్తుంది. అందుకని గొట్టాన్ని నిటారుగా పట్టుకుని, అడుగు చివర మూసి, సిరంజితో సరిగ్గా 50 మి.లీ. నీళ్లు పోయండి. నీళ్లు ఎంత పొడవు ఆక్రమించాయో చూడండి. వ్యాసం 10 మి.మీ. అయితే 63.7 సెం.మీ. రావాలి. 9.5 అయితే 70.5 వస్తుంది. తేడా ఇంత స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి ఇంతకంటే మంచి పద్ధతి అక్కర్లేదు.

తర్వాత గొట్టాన్ని యు ఆకారంలో బిగించండి. వంపు 8 సెం.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి, ఎక్కడా నొక్కుకుపోకూడదు. రెండు కాళ్లూ నిటారుగా ఉండాలి. ఇందులో 78.5 మి.లీ. నీళ్లు పోస్తే స్తంభం పొడవు 1 మీటరు అవుతుంది.

ఈ పొడవునే `L` అంటున్నాం. ఒక కాలిలోని నీటి మట్టం నుంచి వంపు మీదుగా రెండో కాలిలోని మట్టం వరకూ, గొట్టం మధ్యగీత వెంబడి నీళ్లు ఉన్నంత మేర. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. కొందరు ఖాళీ గొట్టాన్ని కూడా కలిపేస్తారు. కొందరు వంపు వదిలేసి రెండు నిలువు కాళ్లనే కూడతారు. మన గొట్టంలో వంపు ఒక్కటే 25 సెం.మీ., అంటే పావు వంతు. దాన్ని వదిలేస్తే ఇక మిగతా లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా ఫలితం ఉండదు.

గొట్టంలో గాలి బుడగలు ఉంటే పలకని మెల్లగా తట్టి పైకి పంపించండి. బుడగ ఉంటే అది స్ప్రింగులా నొక్కుకుని వదులుతుంది, రెండు మట్టాలూ ఒకేసారి కదలవు.

2. సమీకరణం రాయండి

రెండు కాళ్లలోని నీటి ఉపరితలాల మధ్య అస్థిర ప్రవాహానికి శక్తి సమీకరణం రాస్తే మామూలు బెర్నౌలీ పదాలకి తోడు ఒక పదం ఎక్కువగా వస్తుంది. అది నీటిని వేగవంతం చేయడానికి ఖర్చయ్యే హెడ్:

```
p1/ρg + V²/2g + z1 = p2/ρg + V²/2g + z2 + hf + (L/g)·dV/dt
```

రెండు చివరలూ తెరిచి ఉన్నాయి కాబట్టి పీడనాలు కొట్టేసుకుంటాయి. రెండు కాళ్ల వ్యాసం ఒకటే కాబట్టి `V²/2g` పదాలు కూడా పోతాయి. ఒక కాలు సన్నగా, ఇంకోటి లావుగా ఉంటే పోవు, అప్పుడు ఈ లెక్క వాడకండి. కుడి మట్టం `z` పైకి లేస్తే ఎడమది `z` కిందికి దిగుతుంది. కాబట్టి

```
(L/g)·z'' + hf + 2z = 0
```

ఇందులో ఆ `2` ని గుర్తుంచుకోండి. ఎత్తుల తేడా `2z`, మనం స్కేలు మీద చదివేది `z`. మానోమీటరు అలవాటు కొద్దీ రెండు మట్టాల తేడాని చదివి దాన్నే `z` అనుకుంటే పరిమాణం రెట్టింపు అవుతుంది. సమీకరణంలో `2` మర్చిపోతే ఆవర్తన కాలం 41 శాతం ఎక్కువ వస్తుంది. మీ జవాబు నిజానికి ఒకటిన్నర రెట్లకి దగ్గరగా ఉంటే ముందు ఇదే అనుమానించండి.

ఘర్షణ లేదనుకుంటే:

```
ω0 = √(2g/L) = √(19.62) = 4.43 rad/s
T0 = 2π/ω0 = 1.42 s
```

ఇందులో సాంద్రత లేదు, వ్యాసం లేదు. `L/2` పొడవున్న లఘులోలకం ఎంత సేపట్లో ఊగుతుందో ఇదీ అంతే. న్యూటన్ 17వ శతాబ్దంలోనే ఈ విషయం నిరూపించాడు. మన దగ్గర దీనికి ఒక మంచి ఉపయోగం ఉంది, 7వ మెట్టులో చెబుతాను.

3. ఘర్షణ సూత్రం ఎంచుకునే ముందు ఒక సంఖ్య తీయండి

అసలు గొడవంతా ఈ మెట్టులోనే. `hf` కి ఏం పెట్టాలి? దాదాపు అందరూ స్థిర లామినార్ ప్రవాహానికి చెందిన హేగన్-పాయిసెల్లీ సూత్రాన్ని పెడతారు:

```
hf = 32·ν·L·V/(g·D²)
z'' + (32ν/D²)·z' + (2g/L)·z = 0
```

ఇలా పెడితే డాంపింగ్ రేటు `16ν/D²` అవుతుంది. నీటికి `ν = 1.0×10⁻⁶ m²/s` వేస్తే మన గొట్టానికి 0.16 వస్తుంది. అంటే ఒక్కో పూర్తి ఊపుకి కంపన పరిమితి 0.80 వంతుకి తగ్గాలి. 50 మి.మీ. దగ్గర మొదలుపెడితే వరుసగా 40, 32, 25, 20. నిజం గొట్టంలో నీళ్లు ఇలా ఊగవు.

ఎందుకంటే ఆ సూత్రం గొట్టం అడ్డకోతలో వేగం పారబోలా ఆకారంలో ఉందనుకుంటుంది. ఆ ఆకారం ఏర్పడాలంటే గోడ దగ్గరి ఘర్షణ ప్రభావం మధ్య వరకూ పాకాలి, దానికి సమయం కావాలి. నీళ్లు ముప్పావు సెకనుకోసారి దిశ మార్చేస్తుంటే ఆ సమయం దొరకదు. మధ్యలోని నీళ్లన్నీ ఒక్క ముద్దగా కదులుతాయి. వేగంలో తేడా అంతా గోడని ఆనుకున్న పలుచటి పొరలోనే ఉంటుంది. మన ఉదాహరణలో ఆ పొర మందం `√(2ν/ω)`, అంటే సుమారు 0.7 మి.మీ. అంత తక్కువ మందంలో వేగం సున్నా నుంచి పూర్తి విలువకి మారాలి కాబట్టి గోడ దగ్గర కోత బలం పాయిసెల్లీ చెప్పినదానికంటే బాగా ఎక్కువ.

మీ గొట్టం ఏ కోవలోకి వస్తుందో చెప్పే సంఖ్య ఇది. ధమనుల్లో రక్త ప్రవాహం మీద 1955లో పనిచేసిన వుమర్స్‌లీ పేరుతో పిలుస్తారు:

```
α = (D/2)·√(ω0/ν)
```

మన గొట్టానికి `0.005 × √(4.43×10⁶)` = 10.5. దీన్ని ఇలా చదువుకోండి. `α` 2 కంటే తక్కువైతే పాయిసెల్లీ సూత్రం నిశ్చింతగా వాడొచ్చు. 6 దాటితే గోడ పొర లెక్క వాడాలి. మధ్యలో ఉంటే రెండూ ఉజ్జాయింపులే, కచ్చితమైన జవాబు కావాలంటే బెస్సెల్ ఫలాలతో చేసే లెక్కకి వెళ్లాలి.

ఇక్కడ ఒక తమాషా ఉంది, చాలామంది గమనించరు. పాయిసెల్లీ సమీకరణంలో డాంపింగ్ నిష్పత్తి ఎంతో `α` లో రాస్తే `4/α²` వస్తుంది. అది 1 అయ్యేది, అంటే ఊగడం పూర్తిగా ఆగిపోయే హద్దు, సరిగ్గా `α = 2` దగ్గర. ఆ సూత్రం నమ్మదగ్గ చోట స్తంభం అసలు ఊగనే ఊగదు, మెల్లగా జారి మట్టానికి వచ్చి ఆగుతుంది. కాబట్టి గొట్టం ముందు కూర్చుని మీరు నాలుగు ఊపులు లెక్కపెట్టగలిగారంటే, పాయిసెల్లీ సూత్రం మీ గొట్టానికి పనికిరాదని అర్థం. లెక్క కూడా అక్కర్లేదు, కళ్లతోనే తేలిపోతుంది.

4. సరైన డాంపింగ్, సరైన ఆవర్తన కాలం

`α` పెద్దదైనప్పుడు గోడ పొర లెక్క నుంచి మొదటి ఉజ్జాయింపుగా వచ్చేవి ఇవి:

```
β = 0.71·ω0/α
ω = ω0 − β
పరిమితి: z = z0·exp(−β·t)
```

మన సంఖ్యలు వేస్తే `β = 0.71 × 4.43/10.5` = 0.30. పాయిసెల్లీ ఇచ్చిన 0.16 కి దాదాపు రెట్టింపు. `ω` = 4.13, కాబట్టి `T` = 1.52 సెకన్లు.

రెండో వరుసని జాగ్రత్తగా చూడండి. డాంపింగ్ ఎంత వచ్చిందో కోణీయ వేగం కూడా అంతే తగ్గింది. గోడ పొర బలం వేగంతో కలిసి రాదు, 45 డిగ్రీలు ముందుంటుంది. దాంట్లో సగం పాత్ర ఘర్షణది, మిగతా సగం నీటికి అదనపు బరువు తగిలించినట్టు పనిచేస్తుంది. అందుకే ఆవర్తన కాలం 1.42 నుంచి 1.52 కి, అంటే 7 శాతం పెరిగింది. స్కూల్లో నేర్చుకున్న డాంపింగ్ సూత్రం, `√(ω0² − β²)`, ఇక్కడ వేస్తే మార్పు అర శాతం కూడా రాదు. "టైము ఎక్కువ వస్తోంది సార్" అనేవాళ్లకి జవాబు ఇదే.

ఒక్కో పూర్తి ఊపుకి తగ్గే నిష్పత్తి `exp(−0.30 × 1.52)` = 0.63. కాబట్టి 50 మి.మీ. తర్వాత వరుసగా 32, 20, 13, 8 మి.మీ. రావాలి. ఇందాకటి 40, 32, 25, 20 తో పోల్చి చూడండి. నాలుగో ఊపుకి ఒకటి ఇంకోదానికి రెండున్నర రెట్లు. మామూలు స్కేలుతోనే ఏది నిజమో తేల్చేయొచ్చు.

ఉష్ణోగ్రత చూసుకోండి. 20 డిగ్రీల దగ్గర `ν` 1.0×10⁻⁶ అయితే 30 డిగ్రీలకి 0.80×10⁻⁶ అవుతుంది. `β` దాని వర్గమూలం ప్రకారం మారుతుంది కాబట్టి 0.30 కాస్తా 0.27 అవుతుంది. మన ఊళ్లలో ఎండాకాలం మధ్యాహ్నం ప్రయోగం చేసి 20 డిగ్రీల విలువ వేస్తే పది శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది. థర్మామీటరు అడిగింది అందుకే.

ఇంకొక్క జాగ్రత్త, ఊపు మరీ పెద్దది కాకూడదు. 50 మి.మీ. ఊపులో గరిష్ఠ వేగం సెకనుకి 0.21 మీటర్లు. గొట్టం వ్యాసంతో రేనాల్డ్స్ సంఖ్య తీస్తే 2000 దాటుతుంది, అది చూసి చాలామంది ప్రవాహం టర్బులెంట్ అయిపోయిందని కంగారు పడతారు. ఊగే ప్రవాహంలో చూడాల్సింది గొట్టం వ్యాసం కాదు, గోడ పొర మందం. దాంతో తీస్తే 150 కూడా రాదు, హద్దు సుమారు 500 దగ్గర ఉంటుంది. కాబట్టి మనది లామినారే.

5. ఊపండి

ఒక కాలి పైచివరకి రబ్బరు ముక్క తగిలించి, సిరంజితో మెల్లగా గాలి లాగండి. ఆ కాలిలో మట్టం 75 నుంచి 80 మి.మీ. లేచాక రబ్బరు ముక్కని వేళ్లతో మడిచి నొక్కి పట్టుకుని సిరంజి తీసేయండి. వీడియో మొదలుపెట్టి, నీళ్లు కదలకుండా నిలిచాక, ఒక్కసారిగా వదలండి.

వదిలిన తర్వాత ఆ చివర పూర్తిగా తెరుచుకోవాలి. మడిచిన రబ్బరు సగమే విచ్చుకుంటే గాలి ఆ సన్నటి దారిలో దూరాల్సి వస్తుంది. అప్పుడు మీరు కొలిచేది నీటి డాంపింగ్ కాదు, గాలి దారి డాంపింగ్. రబ్బరు ముక్క పొట్టిగా, గొట్టం అంత వెడల్పుగా ఉండేలా చూసుకోండి. సిరంజిని తగిలించే ఉంచి పిస్టన్ వదిలేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అలా చేస్తే నీళ్లు రెండు ఊపులు కూడా ఊగవు.

నోటితో ఊది ఊపడం తేలిక, కానీ ఎక్కడ మొదలైందో తెలీదు, గొట్టం లోపల తేమ చుక్కలు పడతాయి. వేరే దారి లేకపోతే ఊది, నోరు తీసేసి, రెండు ఊపుల తర్వాత నుంచి లెక్కపెట్టండి.

6. వీడియో చదవండి

ఫోను కెమెరా నిశ్చల మట్టం ఎత్తులో ఉండాలి. పైనుంచి చూస్తే పై అంచు ఒకలా, కింది అంచు ఒకలా తప్పు చూపిస్తాయి. ఎప్పుడూ ఒకే కాలిని చూడండి, నీటి ఉపరితలం వంపులో అడుగు భాగాన్నే చదవండి. సున్నా గీతని నీళ్లు పూర్తిగా ఆగిన తర్వాత చదివి పెట్టుకోండి. మొదట్లో గుర్తుపెట్టిన మట్టం పనికిరాదు, గోడకి అంటుకున్న నీళ్లు కిందికి జారి మట్టాన్ని కొద్దిగా మారుస్తాయి.

వదిలిన స్థానాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ క్షణంలో గోడ పొర ఇంకా ఏర్పడలేదు. తిరిగి అదే వైపు వచ్చిన మొదటి శిఖరం నుంచి మొదలుపెట్టండి.

వరుస శిఖరాలు 48, 30, 19, 12 మి.మీ. వచ్చాయనుకుందాం. మొదటిదానికీ నాలుగోదానికీ మధ్య మూడు ఊపులు:

```
ln(48/12)/3 = 0.462
β = 0.462/T = 0.462/1.52 = 0.30
```

ఆవర్తన కాలాన్ని శిఖరాల దగ్గర తీయకండి. అక్కడ నీళ్లు దాదాపు ఆగి ఉంటాయి కాబట్టి ఏ ఫ్రేములో తిరిగాయో తేల్చడం కష్టం. నీళ్లు సున్నా గీత దాటే ఫ్రేము చూడండి, ఒకే దిశలో రెండుసార్లు దాటడం మధ్య కాలమే `T`.

7. ఫలితం నిజమో కాదో మూడు రకాలుగా చూడండి

మొదట నిష్పత్తులు. ఇందాకటి వరుసలో 30/48, 19/30, 12/19 మూడూ 0.63 దగ్గరే ఉన్నాయి. నిష్పత్తి ఇలా నిలకడగా ఉంటే డాంపింగ్ వేగానికి అనుపాతంలో ఉందని, గోడ పొర లెక్క వర్తిస్తుందని అర్థం.

నిష్పత్తి మొదట తక్కువగా ఉండి, ఊపులు చిన్నవయ్యే కొద్దీ పెరుగుతుంటే వేగం వర్గానికి అనుపాతంలో ఉన్న నష్టం ఏదో ఉంది. సాధారణంగా నొక్కుకుపోయిన వంపు, లేదా మధ్యలో జాయింటు. పెద్ద గొట్టాల్లో, పెద్ద ఊపుల్లో టర్బులెన్స్ కూడా ఇలాగే కనిపిస్తుంది. దానికి లెక్క చేయాల్సి వస్తే సమీకరణంలో మధ్య పదం `(f/2D)·z'·|z'|` అవుతుంది. ఆ నిలువు గీతల్ని మర్చిపోయి `z'²` అని రాస్తే వెనక్కి వచ్చే సగం ఊపులో ఘర్షణ నీళ్లని ఆపే బదులు తోస్తుంది. కంప్యూటరులో గ్రాఫు గీస్తే ఊపు ఒకవైపుకి ఒరిగిపోయినట్టు కనిపిస్తుంది, అప్పుడు వెతకాల్సింది ఇదే.

నిష్పత్తి దీనికి ఉల్టాగా, ఊపులు చిన్నవయ్యే కొద్దీ తగ్గుతూ వచ్చి నీళ్లు ఉన్నట్టుండి టక్కున ఆగిపోతే, నీటి అంచు గొట్టం గోడకి అతుక్కుంటోంది. ప్లాస్టిక్ మీద కొంచెం జిడ్డున్నా ఇది మిల్లీమీటరు వరకూ ఉంటుంది. ఒక్క చుక్క లిక్విడ్ వేయమన్నది దీనికోసమే. రెండు మూడు చుక్కలు వేస్తే నురగ వచ్చి మట్టమే కనిపించదు. ఎలాగైనా 5 మి.మీ. కంటే చిన్న శిఖరాల్ని లెక్కలోంచి తీసేయండి.

రెండో పరీక్షకి స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేదు. దారానికి ఒక నట్టు కట్టి, ముడి నుంచి నట్టు మధ్య వరకూ సరిగ్గా 50 సెం.మీ. ఉండేలా గొట్టం పక్కన వేలాడదీయండి. నట్టునీ నీళ్లనీ ఒకేసారి వదలండి. నట్టు 1.42 సెకన్లకి ఒకసారి ఊగుతుంది, ఘర్షణ లేని నీళ్లు కూడా అంతే ఊగాలి. మొదటి ఊపులో పెద్ద తేడా తెలీదు. నట్టు నాలుగో ఊపు పూర్తిచేసి అంచుకి చేరేసరికి నీళ్లు ఇంకా సున్నా గీత దగ్గరే ఉంటాయి. ఆ వెనకబాటే మనం 4వ మెట్టులో లెక్కేసిన 7 శాతం. దాన్ని కళ్లతో చూశాక ఎవరూ స్టాప్‌వాచ్ నొక్కడంలో తప్పని అనరు.

మూడోది, `L` మార్చి చూడటం. ఇంకో 20 మి.లీ. పోస్తే స్తంభం 1.25 మీటర్లకి చేరుతుంది. `T` సుమారు 12 శాతం పెరగాలి. పెరక్కపోతే ఎక్కడో బుడగ ఉంది, లేదా `L` కొలత తప్పు.

నీళ్ల బదులు నూనె పోస్తే

పరీక్ష పేపర్లలో ఎక్కువగా నూనె ఇచ్చేది ఊరికే కాదు, పాయిసెల్లీ సూత్రం అక్కడ నిజంగానే పనిచేస్తుంది. అదే గొట్టంలో పొద్దుతిరుగుడు నూనె పోశామనుకోండి. 25-30 డిగ్రీల దగ్గర దాని `ν` సుమారు 5×10⁻⁵, నీటికి యాభై రెట్లు. `α` = 1.5. `16ν/D²` = 8, ఇది `ω0` కంటే ఎక్కువ కాబట్టి ఊగదు. మూలాలు:

```
s = −8 ± √(64 − 19.62) = −1.34, −14.7
```

14.7 ఉన్న భాగం కనురెప్పపాటులో పోతుంది. మిగిలేది 1.34. 50 మి.మీ. తేడా 1 మి.మీ.కి రావడానికి `ln(50)/1.34`, సుమారు 3 సెకన్లు పడుతుంది. ఇక్కడ విద్యార్థులు చేసే పొరపాటు, పెద్ద మూలాన్ని చూసి నూనె వెంటనే సర్దుకుంటుందనుకోవడం. ఎప్పుడూ నెమ్మదైన మూలమే నిర్ణయిస్తుంది. ఇంకా చిక్కటి నూనెకి, `ν` 1×10⁻⁴ అయితే, అది 0.625కి పడిపోతుంది, 6 సెకన్లు పైగా ఆగాలి. డాంపింగ్ పెంచిన కొద్దీ మానోమీటరు త్వరగా నిలుస్తుందనుకోవడం ఒక హద్దు వరకే నిజం.

నూనె ప్రయోగం చివర్లో చేయండి. ఒకసారి నూనె తగిలిన గొట్టంలో మళ్లీ నీళ్లు పోస్తే అంచు అతుక్కోవడం మామూలుగా ఉండదు, ఎన్నిసార్లు కడిగినా జిడ్డు వదలదు.

పొడవాటి గొట్టం సంగతి

తాపీమేస్త్రీ లెవెల్ గొట్టం కూడా యు-ట్యూబే. 10 మీటర్ల నీటి స్తంభం, 8 మి.మీ. వ్యాసం అయితే `ω0` = 1.40, ఒక్కో ఊపు నాలుగున్నర సెకన్లు. `α` 4.7, అంటే మనం చెప్పుకున్న మధ్య మేరలో ఉంది. రెండు సూత్రాల్లో ఏది వాడినా `β` 0.2, 0.25 మధ్య వస్తుంది. 10 సెం.మీ. ఊపు 1 మి.మీ.కి తగ్గాలంటే ఇరవై సెకన్ల దాకా ఆగాలి. మేస్త్రీ గోడ మీద గీత పెట్టే ముందు గొట్టం చివర బొటనవేలితో మూసి, కొద్దికొద్దిగా వదులుతూ నీళ్లని నిలబెట్టడం చూసే ఉంటారు. 5వ మెట్టులో మనం వద్దన్న గాలి దారి డాంపింగ్‌నే అతను కావాలని వాడుకుంటున్నాడు.

మీ మానోమీటరుకి కూడా ఈ చిట్కా పనిచేస్తుంది. స్థిరమైన పీడనం కొలిచేటప్పుడు కింది వంపు దగ్గర స్క్రూ క్లిప్పుతో గొట్టాన్ని కొంచెం బిగించండి. నీళ్లు నిలిచాక ప్రవాహం సున్నా కాబట్టి అక్కడ హెడ్ నష్టమూ సున్నా, రీడింగు మారదు. పీడనం తనే పైకీ కిందికీ ఊగుతున్న చోట మాత్రం ఇలా చేయకండి. బిగించిన చోట రెండు దిశల్లో నష్టం సమానంగా ఉండదు, సగటు రీడింగు ఒకవైపుకి జరిగిపోతుంది, అది తప్పని చూపించే గుర్తు కూడా మీకు స్కేలు మీద కనిపించదు. అనుమానం ఉంటే క్లిప్పు తిప్పి, గొట్టాన్ని అటూ ఇటూ మార్చి పెట్టి మళ్లీ చదవండి. రెండు రీడింగులు కలవకపోతే క్లిప్పు తీసేసి, ఊగుతున్న మట్టాన్నే వీడియో తీసి సగటు లెక్కేయండి.